బడి బూట్లకు ఏ పాలిష్ కొనాలి? తోలు, రెగ్జిన్, కాన్వాస్, స్పోర్ట్స్ షూల మధ్య తేడా తెలిసి చేసే ఎంపిక

జూన్ నెలలో బడులు తెరిచే వారం రోజుల్లో ఏ చెప్పుల దుకాణానికి వెళ్లినా, కొత్త బూట్ల పెట్టెతో పాటు ఒక పాలిష్ కూడా చేతిలో పెట్టి పంపిస్తారు. గుండ్రని రేకు డబ్బాలో గట్టిగా ఉండే మైనపు పాలిష్, మూతికి స్పాంజి అమర్చిన సీసాలో లిక్విడ్ పాలిష్, ట్యూబులోనో గాజు సీసాలోనో వచ్చే షూ క్రీమ్, ప్లాస్టిక్ పెట్టెలో ఇమిడిపోయే మెరుపు స్పాంజి, ఇవన్నీ ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి. దుకాణదారు అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే ఉంటుంది: నలుపా, బ్రౌనా? నిజానికి రంగు కంటే ముందు తేలవలసిన సంగతి వేరే ఉంది. బూటు పైభాగం తోలుతో చేసినదా, రెగ్జిన్‌తో చేసినదా అన్నది తెలియకుండా పాలిష్ కొంటే, మంచి సరుకు కూడా ఆ బూటుకు పనికిరాకపోవచ్చు, కొన్నిసార్లు దానిని పాడుచేయవచ్చు కూడా.

మన పిల్లలు వేసుకునే నల్లటి బడి బూట్లలో ఎక్కువ భాగం తోలువి కావు. గుడ్డమీద ప్లాస్టిక్ పూత పూసి, దానిమీద తోలు గీతల అచ్చు వేసిన రెగ్జిన్‌తోనే అవి తయారవుతాయి. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఏడాది తిరిగేసరికి పాదం పెరిగిపోయే పిల్లవాడికి ఖరీదైన తోలు బూటు కొనడం చాలా ఇళ్లలో అనవసరమే. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, తోలు కోసం పుట్టిన పాలిష్‌ను మనం తరతరాల అలవాటుతో రెగ్జిన్ మీద రుద్దుతూ ఉంటాము.

ముందుగా బూటును గుర్తుపట్టడం

బూటు మీద ఒక నీటి చుక్క వేసి, అది ఇంకితే తోలు, నిలిస్తే రెగ్జిన్ అని చాలామంది చెబుతారు. ఈ పరీక్ష సగమే నిజం. చుక్క ఇంకిందంటే అది తోలేనని నమ్మవచ్చు కానీ, చుక్క నిలిచినంత మాత్రాన రెగ్జిన్ అని తేల్చలేము, ఎందుకంటే బడి బూట్లకు వాడే అసలు తోలు మీద కూడా మరకలు పడకుండా దళసరి రంగు పూత వేస్తారు, ఆ పూత మీద కూడా నీరు పూసలా నిలుస్తుంది. అంతకన్నా నమ్మదగిన చోటు నాలుక. లేసులు వదులు చేసి, నాలుకను బయటికి లాగి, దాని అంచును వెలుతురులో చూడండి. తోలైతే కత్తిరించిన అంచు పీచుపీచుగా, పైనుంచి కిందివరకు ఒకే పదార్థంలా కనిపిస్తుంది. రెగ్జిన్ అయితే పైన పలుచని నిగనిగలాడే పొర, దాని కింద నేసిన గుడ్డ లేదా దూదిలాంటి అల్లిక, రెండూ విడివిడిగా కనిపిస్తాయి. అంచును మడిచి కుట్టేసి ఉంటే, వేళ్ల దగ్గర బూటును వంచి చూడవచ్చు. తోలు మీద సన్నని, ఒకదానితో ఒకటి పొంతన లేని ముడతలు పడతాయి. రెగ్జిన్ మీద ఒకటి రెండు లోతైన మడతలు ఒకే గీతలా పడి, చేయి తీయగానే సాఫీ అవుతాయి.

రెగ్జిన్ బూటు: డబ్బా పాలిషా, లిక్విడా, స్పాంజా?

డబ్బా పాలిష్‌లో ఉండేవి ముఖ్యంగా మూడు: రకరకాల మైనాలు, వాటిని మెత్తగా ఉంచే టర్పెంటైన్ వంటి ద్రావకం, నల్లరంగు. తోలు మీద రుద్దినప్పుడు ద్రావకం ఆవిరైపోయి, మైనమూ రంగూ తోలు రంధ్రాలను పట్టుకుంటాయి. రెగ్జిన్‌కు రంధ్రాలు లేవు. అందువల్ల మైనం పైపైనే ఒక జిడ్డు పొరలా కూర్చుంటుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది, ముట్టుకున్న వేలికీ తెల్ల సాక్సుకూ నల్లగా అంటుకుంటుంది.

ఈ తేడా ఎంత ఉంటుందో చూడాలని ఒక నెలపాటు మా అబ్బాయి రెగ్జిన్ బూట్లలో ఎడమదానికి డబ్బా పాలిష్, కుడిదానికి లిక్విడ్ పాలిష్ వేస్తూ వచ్చాను. మొదటి ఉదయం రెండూ ఒకేలా మెరిశాయి. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎడమ బూటు ముందుభాగం బూడిద చల్లినట్టు మసకబారింది, ఆ కాలి సాక్సు పైఅంచున నల్లటి చార ఉంది. కుడి బూటును తడిగుడ్డతో తుడిస్తే చాలు, మూడు నాలుగు రోజులు మెరుపు నిలిచింది. అయితే మూడో వారంలో కుడి బూటుకూ ఒక లోపం బయటపడింది. వేళ్లు వంగే చోట మడత వెంబడి సన్నని పగుళ్లు వచ్చి, వాటిలోంచి నల్లటి పొర చిన్న చిన్న పెచ్చులుగా లేచింది.

ఆ పగుళ్లు బూటువి కావు, పాలిష్‌వి. లిక్విడ్ పాలిష్ అంటే నీటిలో కలిపిన ప్లాస్టిక్ వంటి జిగురు, కొంత మైనం, రంగు. ఆరిన తరువాత అది బూటు మీద పలుచని పొరగా గట్టిపడుతుంది. రెగ్జిన్‌కు అది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఇంకే అవసరమే లేకుండా పైన పరుచుకుని మెరుస్తుంది. రోజూ పొర మీద పొర వేస్తూ పోతే మాత్రం ఆ మందం మడత దగ్గర వంగలేక పగులుతుంది. నేను చేసిన పొరపాటు రోజూ వేయడమే. తరువాత వారానికి ఒకసారి, ఆదివారం సాయంత్రం మాత్రమే పలుచగా ఒక పూత వేసి, మిగతా రోజుల్లో తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తూ వచ్చాను, పగుళ్లు మళ్లీ రాలేదు. పూత వేసేటప్పుడు సీసాను బూటు మీద గట్టిగా నొక్కకూడదు. స్పాంజిని ముందు ఒక పాత కాగితం మీద ఒత్తి, అది తడిసిన తరువాత బూటు మీద ఒకే దిశలో తేలికగా లాగాలి. దుమ్ము తుడవకుండా వేస్తే ఆ దుమ్ము పొర కిందే అతుక్కుపోయి గరుకుగా తయారవుతుంది. వేసిన తరువాత కనీసం పది నిమిషాలు ముట్టుకోకుండా ఆరనివ్వాలి.

మెరుపు స్పాంజి సంగతి వేరు. దానిలో ఉండేది సాధారణంగా సిలికాన్ నూనె. అది రంగు వేయదు, గీతలు కప్పదు, కేవలం నిగారింపు ఇస్తుంది. బడికి బయలుదేరే ముందు అరనిమిషంలో పని అయిపోవాలంటే రెగ్జిన్ బూటుకు ఇది చాలు. అయితే దుమ్ము దులపకుండా రుద్దితే, ఇసుక రేణువులు స్పాంజిలో చిక్కుకుని మరుసటి రోజు నుంచి బూటును గీకుతాయి. అసలు తోలు బూట్లకు దీనిని నిత్యం వాడకపోవడమే మంచిది. సిలికాన్ పొర పేరుకుంటే, తరువాత వేసే క్రీమ్ తోలులోకి సరిగా ఇంకదు.

రెగ్జిన్ మీద టర్పెంటైన్, థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం వంటివి ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. మొండి మరక పోతుందని ఎవరైనా చెప్పి ఉండవచ్చు, కానీ మరకతో పాటు పై పూత కూడా మెత్తబడి జిగురుగా మారుతుంది, ఆ జిగురు తిరిగి గట్టిపడదు. కొబ్బరినూనె రాయడం అంత ప్రమాదం కాకపోయినా దానివల్ల ఒరిగేదీ లేదు. గంటసేపు మెరిసి, ఆ తరువాత రోడ్డు మీది దుమ్మునంతా పోగుచేస్తుంది. ఇక రెగ్జిన్ పొర ఒకసారి లేచి, కింద గుడ్డ బయటపడితే దానిని ఏ పాలిష్ కూడా అతికించలేదు. లిక్విడ్ పాలిష్ ఆ గుడ్డకు నల్లరంగు వేసి కొన్నాళ్లు కప్పిపుచ్చగలదు, అంతే.

అసలు తోలు బూటుకు

ఇక్కడ డబ్బా పాలిష్‌కు దాని అసలు స్థానం దొరుకుతుంది. 1906లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో విలియం రామ్సే తయారుచేసి, తన భార్య స్వదేశమైన న్యూజిలాండ్ పక్షి పేరు పెట్టిన కివీ పాలిష్ నాటి నుంచి నేటి వరకు ఈ పద్ధతి పెద్దగా మారలేదు. గట్టి మైనం మెరుపునూ నీటి నుంచి రక్షణనూ ఇస్తుంది, అయితే తోలుకు కావలసిన మెత్తదనాన్ని అది ఇవ్వదు. మెత్తదనం ఇచ్చేది క్రీమ్. నీరు, నూనె, కొద్దిపాటి మైనం, రంగు కలిసి ఉండడం వల్ల క్రీమ్ తోలులోకి ఇంకుతుంది, రాళ్లను తన్ని ముందుభాగంలో తెల్లబడిన గీతలకు రంగు తిరిగి తెస్తుంది. కాబట్టి తోలు బూటున్న ఇంట్లో ఈ రెంటిలో ఒకటే కొనాలంటే నేను క్రీమ్‌నే ఎంచుకుంటాను. వానాకాలంలో రోజూ నీళ్లలో నడిచే పిల్లవాడైతే మాత్రం డబ్బా పాలిష్‌కే నా ఓటు. రెండూ ఉంటే, రెండు వారాలకు ఒకసారి క్రీమ్, మధ్యలో వారానికి ఒకసారి మైనం సరిపోతాయి.

డబ్బా పాలిష్‌తో చాలామంది చేసే తప్పు ఎక్కువ తీసుకోవడం. ఒక్కో బూటుకు రెండు శనగగింజలంత చాలు. ముందు బ్రష్‌తో దుమ్ము దులిపి, పిండిన తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పాత నూలు గుడ్డతో పాలిష్‌ను చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు పలుచగా రుద్దాలి. అప్పుడు బూటు మెరవదు, మసకగా కనిపిస్తుంది. ఆ మసకదనమే పాలిష్ పట్టిందనడానికి గుర్తు. పది నిమిషాలు ఆగిన తరువాత, ద్రావకం ఆవిరై మైనం గట్టిపడ్డాక, వెంట్రుకల బ్రష్‌తో వేగంగా రుద్దితే ఆ రాపిడికి పైపొర సమానంగా పరుచుకుని మెరుపు వస్తుంది. ఆగకుండా వెంటనే బ్రష్ చేస్తే, వేసిన పాలిష్‌లో సగం బ్రష్‌కే అంటుకుంటుంది.

డబ్బాలో పాలిష్ ఎండి పగుళ్లు ఇచ్చిందంటే అది పాడైనట్టు కాదు. ద్రావకం మాత్రమే ఆవిరైపోయింది. డబ్బా మూత బిగించి వేడినీళ్ల గిన్నెలో కొన్ని నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాక రెండు మూడు చుక్కల టర్పెంటైన్ కలిపితే తిరిగి పనికి వస్తుంది. పొయ్యి మీద పెట్టి కరిగించడం మాత్రం చాలా ప్రమాదం, దానిలోని ద్రావకం ఇట్టే అంటుకుంటుంది.

తెల్ల కాన్వాస్ బూట్లు

వారంలో ఒకటి రెండు రోజులు, చాలా బడుల్లో బుధవారమో శనివారమో, తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకుని రావాలి. శుక్రవారం రాత్రి వాటిని చూసి, ఉతకడానికి సమయం లేక, మురికి మీదే తెల్ల పాలిష్ పూసి పంపించడం అందరి ఇళ్లలోనూ జరిగేదే. తెల్ల పాలిష్ నిజానికి ఒక సున్నపు పూత వంటిది. తెల్లటి రంగు పొడిని కొద్దిపాటి జిగురుతో నీటిలో కలిపి సీసాలో నింపుతారు. మురికి మీద వేస్తే మురికి దాని కింద భద్రంగా ఉండిపోతుంది, మరుసటి వారం ఉతికినా సరిగా వదలదు. మందంగా వేస్తే ఆరిన తరువాత పొడిగా రాలి ప్యాంటు అంచులకు అంటుతుంది. అందువల్ల కాన్వాస్‌కు ప్రధానమైన సరుకు సబ్బు, తెల్ల పాలిష్ చివరి మెరుగు మాత్రమే.

ఉతికే పద్ధతిలో మొదటి మెట్టు, నీరు తగలకముందే ఎండిన మట్టిని బ్రష్‌తో దులపడం. నల్లరేగడి మట్టి తడిస్తే జిగటగా మారి అల్లికలోకి దిగిపోతుంది, పొడిగా ఉన్నప్పుడైతే పెచ్చులుగా రాలిపోతుంది. లేసులు, లోపలి అట్ట తీసివేసి, గోరువెచ్చని నీటిలో ఒక చెంచా బట్టల పొడి కలిపి పదిహేను ఇరవై నిమిషాలకు మించకుండా నానబెట్టాలి. రాత్రంతా నానబెడితే సోల్‌ను పట్టి ఉంచే జిగురు వదులవుతుంది. కొన్ని బూట్లలో అడుగున తీయడానికి వీల్లేని అట్ట ఉంటుంది, అది ఉబ్బి వంకర తిరుగుతుంది. పాత పళ్ల బ్రష్‌తో అల్లిక వెంబడి రుద్ది, నీటిలో నురగ కనిపించనంత వరకు జాడించాలి. సోల్ చుట్టూ ఉండే తెల్ల రబ్బరు పట్టీకి కొద్దిగా పళ్ల పేస్టు సరిపోతుంది, అందులోని సన్నని గరుకు పొడే అక్కడ పనిచేసేది.

ఇంత చేసినా ఆరిన తరువాత అంచుల వెంట, కుట్ల దగ్గర పసుపు చారలు రావడం చూసి చాలామంది మరింత సబ్బు, మరింత బ్లీచ్ వేస్తారు. చారలకు కారణం చాలాసార్లు ఆ మిగిలిపోయిన సబ్బే. బూటు ఆరేటప్పుడు లోపలి తడి అంచుల వైపు ప్రయాణిస్తూ, తనతో పాటు సబ్బునూ మురికినీ మోసుకువచ్చి, నీరు ఆవిరయ్యే చోట వదిలేస్తుంది. తీక్షణమైన ఎండ తగిలితే ఆ మరక ఇంకా ముదురుతుంది. దీనికి విరుగుడు తేలిక. ఆఖరి జాడింపు నీటిలో అరబకెట్టుకు రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపితే సబ్బులోని క్షారం విరుగుతుంది. ఆ తరువాత బూటు పైభాగానికి తెల్ల టిష్యూ కాగితాలను తడిమీదే ఒత్తి అతికించి, నీడలో గాలి ఆడేచోట ఆరబెట్టాలి. నీరు ఇప్పుడు కాగితం మీది నుంచి ఆవిరవుతుంది కనుక పసుపు చార కాగితానికి పడుతుంది, బూటు తెల్లగా మిగులుతుంది. మొదటిసారి కాగితం ఊడదీసి చూసినప్పుడు, దాని మీద బూటు కుట్ల ఆకారంలోనే పసుపు గీతలు దిగి ఉండడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

బోరునీరు వాడే ఇళ్లలో మరో కారణం కూడా ఉండవచ్చు. నీటిలో ఇనుము కరిగి ఉంటే, బ్లీచ్ కలపగానే అది తుప్పుగా మారి గుడ్డకు పడుతుంది, తెల్లబడాలని వేసిన బ్లీచే బూటును పసుపు చేస్తుంది. మీ నీటి సంగతి తెలుసుకోవాలంటే ఒక తెల్ల బకెట్టులో నీరు పట్టి రాత్రంతా మూత లేకుండా ఉంచండి. ఉదయానికి అడుగున గోధుమరంగు మడ్డి చేరితే ఇనుము ఉన్నట్టే. అటువంటి ఇళ్లలో ఆఖరి జాడింపుకు తాగేనీరో వాననీరో వాడాలి, క్లోరిన్ బ్లీచ్ జోలికి పోకూడదు. ఎర్రమట్టి మరకలకూ ఇదే వర్తిస్తుంది. ఆ ఎరుపు ఇనుము వల్ల వచ్చినదే కనుక దానిని బ్లీచ్ తీయలేదు, కిరాణా కొట్టులో దొరికే నిమ్మఉప్పు కొంతవరకు తీస్తుంది. ఒక గ్లాసు నీటిలో ఒక చెంచా కరిగించి, మరక మీద పావుగంట ఉంచి జాడిస్తే చాలు. ఒక హెచ్చరిక తప్పనిసరి: నిమ్మఉప్పును గానీ వెనిగర్‌ను గానీ బ్లీచ్‌తో ఎన్నడూ కలపకూడదు. ఆ కలయికలో క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసి ఉన్న స్నానాల గదిలో అది ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేస్తుంది.

పూర్తిగా ఆరిన తరువాత కూడా వెలిసినట్టు ఉంటేనే తెల్ల పాలిష్‌ను ఒక్క పలుచని పూత వేయవచ్చు. శుభ్రంగా ఉతికిన బూటుకు చాలాసార్లు దాని అవసరమే రాదు. నీలిమందు వాడాలనుకునేవారు దానిని ఆఖరి నీటిలో బాగా కలిపిన తరువాతే బూటు ముంచాలి, సరిగా కలవని చుక్క తగిలిన చోట నీలి మచ్చ అలాగే నిలిచిపోతుంది.

స్పోర్ట్స్ షూలు

వీటికి పాలిష్ అక్కరలేదు. జాలీ గుడ్డతో చేసిన పైభాగానికి గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, ఒక గ్లాసు నీరు, మెత్తని బ్రష్ ఉంటే సరిపోతుంది. సీసాలో వచ్చే నురగ క్లీనర్లకూ దీనికీ ఉన్న పెద్ద తేడా తడి పరిమాణం. నురగలో నీరు తక్కువగా ఉండడం వల్ల బూటు త్వరగా ఆరుతుంది, జాడించే పని ఉండదు. ఒకే జత ఉన్న పిల్లవాడికి, మరుసటి ఉదయమే వేసుకోవలసి ఉంటే, ఆ సౌకర్యానికి డబ్బు పెట్టవచ్చు. రెండు జతలు ఉంటే అనవసరం. వాషింగ్ మెషిన్‌లో వేయడం వల్ల వచ్చే నష్టం వెంటనే కనిపించదు. కొన్ని ఉతుకుల తరువాత సోల్ ముందు అంచు నోరు తెరుస్తుంది. వేడినీరు, డ్రయ్యరు, మధ్యాహ్నపు ఎండ, ఈ మూడూ జిగురుకు శత్రువులే. ముందుభాగంలో కొద్దిపాటి స్వెడ్ తోలు ఉంటే అక్కడికి నీరు రానివ్వకుండా, పొడి బ్రష్‌తో, పెన్సిల్ చెరిపే రబ్బరుతో శుభ్రం చేయాలి.

వాసన: ఏది కప్పుతుంది, ఏది తీస్తుంది

చెమటకు స్వతహాగా పెద్ద వాసన లేదు. తడిగా, వెచ్చగా, చీకటిగా ఉండే బూటు లోపల చర్మం మీది బాక్టీరియా చెమటలోని పదార్థాలను విరగ్గొట్టి పుల్లని వాసనగల ఆమ్లాలను తయారుచేస్తుంది. రెగ్జిన్ బూటుకు గాలి ఆడే రంధ్రాలు లేవు కాబట్టి ఈ సమస్య బడి బూట్లలోనే ఎక్కువ. దీనిని దృష్టిలో పెట్టుకుంటే సరుకులను పోల్చడం తేలికవుతుంది. సువాసన స్ప్రే వాసన మీద మరో వాసనను పరుస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు. వంటసోడా ఆ ఆమ్లాలను విరుస్తుంది, తేమను కొంత పీలుస్తుంది, కానీ బాక్టీరియాను చంపదు. రాత్రి ఒక్కో బూటులో ఒక చెంచా వేసి, ఉదయం పూర్తిగా దులిపివేయాలి. పొడి మిగిలితే చెమటతో కలిసి పాదం మంటపుట్టవచ్చు. ఆల్కహాల్ ఉన్న క్రిమినాశక స్ప్రే బాక్టీరియా సంఖ్యను నిజంగానే తగ్గిస్తుంది, అయితే లోపల తడి అలాగే ఉంటే వాసన మళ్లీ తిరిగి వస్తుంది.

ఈ మూడింటికన్నా నాకు ఎక్కువ ఫలితం ఇచ్చినవి రెండు మార్పులు. మొదటిది, ఇంటికి రాగానే బూటును చెప్పుల స్టాండులో మూసిపెట్టకుండా, లేసులు పూర్తిగా వదులు చేసి, లోపలి అట్ట బయటికి తీసి, ఫ్యాను గాలి తగిలేలా నిలబెట్టడం. వాసనలో ఎక్కువ భాగం ఆ అట్టలోనే ఉంటుంది. దానిని వారానికి ఒకసారి సబ్బుతో కడిగి ఆరబెట్టవచ్చు, అరిగిపోతే కొత్త అట్ట కొనవచ్చు, అది ఏ స్ప్రే సీసా కన్నా ఎక్కువ కాలం పనికి వస్తుంది. రెండవది సాక్సులు. పూర్తిగా పాలిస్టర్‌తో చేసినవి చెమటను పీల్చవు. నూలు ఎక్కువగా ఉన్నవి ఎంచుకుని, ఏ రోజువి ఆ రోజు ఉతకాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 2020 నుంచి కిట్టుతో పాటు ఒక జత బూట్లకు రెండు జతల సాక్సులు ఇస్తూ వచ్చారు, ఒక జత ఆరుతుండగా మరొకటి తొడిగే వీలు అందువల్ల కలుగుతుంది.

ఇవన్నీ పాటించినా వాసన తగ్గకుండా, అరికాలి మీద సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు, నానినట్టు తెల్లబడిన చర్మం కనిపిస్తే, అది బూటు సమస్య కాదు. చర్మానికి సోకిన బాక్టీరియా వల్ల అలా వస్తుంది, దానికి చర్మవైద్యులు ఇచ్చే మందు కావాలి.

తడిసిన బూటు, శుక్రవారం నుంచి సోమవారం వరకు

వానాకాలంలో అన్ని సరుకులకూ అసలు పరీక్ష ఎదురవుతుంది. కిందటి జూలైలో ఒక శుక్రవారం సాయంత్రం మా అబ్బాయి మోకాళ్ల లోతు నీటిలో నడిచి వచ్చాడు. ఆ రోజు వేసుకున్నవి తోలు బూట్లు. లోపలి నుంచి నీరు ఒంపి, బయట బురదను మంచినీటితో కడిగి, అట్టలు తీసి, పాత వార్తాపత్రికలను ఉండలుగా చేసి వేళ్ల చివరిదాకా కుక్కాను. గంటకల్లా ఆ కాగితాలు పిండితే నీరు కారేంతగా తడిశాయి. రాత్రి పడుకునేలోపు మూడుసార్లు మార్చాను. పొయ్యి పక్కన పెడదామని ఇంట్లో అన్నారు కానీ, నీటితో నిండిన తోలును వేడి చేస్తే అది కుంచించుకుపోయి అట్టలా బిరుసెక్కుతుంది, తరువాత ఎంత క్రీమ్ వేసినా పగుళ్లు ఆగవు. కనుక పక్కకు పడుకోబెట్టి, అడుగుభాగానికి కూడా గాలి తగిలేలా ఫ్యాను కిందే ఉంచాను.

శనివారం సాయంత్రానికి పైన పొడిగా అనిపించింది, లోపల చేయి పెడితే మాత్రం చల్లగా తగిలింది. ఆ చల్లదనం ఉన్నంతవరకు తడి ఉన్నట్టే. ఈ దశలో పాలిష్ వేస్తే మైనపు పొర కింద తేమ బందీ అయి, వారం తిరగకుండా తెల్ల బూజు పడుతుంది. బూజు అప్పటికే కనిపిస్తే, ఆరుబయట పొడి బ్రష్‌తో దులిపి, వెనిగర్, నీరు సమపాళ్లలో కలిపి తడిపిన గుడ్డతో తుడిచి మళ్లీ ఆరనివ్వాలి. మాకు ఆ అవసరం రాలేదు. ఆదివారం మధ్యాహ్నం లోపల పెట్టిన కాగితం పొడిగానే బయటికి వచ్చింది, చేతికి చల్లదనం తగలలేదు, కానీ తోలు బిగుసుకుని వెలిసినట్టు కనిపించింది. నీటితో పాటు దానిలోని నూనె కొంత పోయినందువల్ల అలా జరుగుతుంది. అందుకే ముందు క్రీమ్ పలుచగా రాసి రెండు గంటలు వదిలేశాను. అది ఇంకిన తరువాత రాత్రి మరొకసారి రాశాను. సోమవారం ఉదయం డబ్బా పాలిష్‌తో ఒక్క పూత వేసి బ్రష్ చేసినప్పుడు, వేళ్లు వంగే చోట తోలు మునుపటిలాగే సన్నని ముడతలతో మెత్తగా వంగింది.